సంరక్షణ కోసం మానేసిన కాలం: రెజ్యూమెలో ఒక్క వాక్యం

ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడితే ఉద్యోగం మానేసేది ఎక్కువగా ఆడవాళ్లే. మళ్లీ దరఖాస్తు పెట్టేటప్పుడు రెజ్యూమె పైభాగాన రాసే నాలుగు వాక్యాల పరిచయం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఖాళీగా కనిపించే ఆ కాలాన్ని చెప్పాలా, దాచాలా?

దాచితే దాగదు. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. పాత ఉద్యోగాన్ని కాగితం మీద ఆరు నెలలు పొడిగిస్తే, వెరిఫికేషన్‌లో తేదీలు కలవక చేతికొచ్చిన ఆఫర్ లెటరే పోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఎనిమిదేళ్లు అకౌంటెంటుగా చేసినావిడ, తండ్రికి పక్షవాతం రావడంతో 2022లో మానేశారనుకుందాం. పరిచయం ఇలా రాశారు: “వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగం మానవలసి వచ్చింది. అవకాశమిస్తే కష్టపడి పనిచేస్తాను.” అబద్ధమేమీ లేదు. కానీ ‘వ్యక్తిగత కారణాలు’ అనగానే, గొడవపడి మానేసిందా, వాళ్లే తీసేశారా అన్న అనుమానం మొదలవుతుంది. రెండో వాక్యం బతిమాలుతోంది. ఎనిమిదేళ్ల పని ఊసే లేదు.

ఇంగ్లిష్‌లో రాసినా వరస మాత్రం ఇలా ఉండాలి: “జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు రికన్సిలియేషన్, ఆడిట్ పనుల్లో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. 2022 జూన్ నుంచి 2024 జూన్ వరకు తండ్రి సంరక్షణ కోసం ఉద్యోగ విరామం తీసుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఆయనకు సహాయకురాలు ఉన్నారు, పూర్తికాలం పనిచేయగలను. విరామంలో బంధువుల హోల్‌సేల్ వ్యాపారానికి ఈ-ఇన్‌వాయిస్‌లు తయారుచేశాను.”

ముందు వృత్తి, తర్వాతే విరామం. విరామాన్ని అనుభవంలో కలపలేదు, ఎనిమిదేళ్లను పదేళ్లు చేయలేదు. నెలలతో సహా తేదీలున్నాయి కాబట్టి అడగడానికేమీ మిగల్లేదు. జబ్బు పేరు లేదు, అది తండ్రి సొంత విషయం. నాకు అన్నిటికన్నా విలువైనదనిపించేది చివరి వాక్యం. ఆమె ఇంట్లో ఉన్న కాలంలోనే, 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు కూడా బీ2బీ అమ్మకాల్లో ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరైంది. పని మరిచిపోయి ఉంటుందన్న సందేహానికి ఆ ఒక్క పనే జవాబు. నిజంగా చేసి ఉంటేనే రాయాలి. చేయకపోతే, దరఖాస్తుకు ముందు నెలరోజులు కూర్చుని కొత్త నిబంధనలు నేర్చుకుని ఆ మాటే రాయవచ్చు.

సేవ చేసిన కాలాన్ని ‘గృహ నిర్వహణాధికారి’ లాంటి పెద్ద హోదాగా మార్చాలని కొందరు సలహా ఇస్తుంటారు. నేనైతే వద్దంటాను. తండ్రిని చూసుకున్నానన్న మాటకు వేరే అలంకారం అక్కర్లేదు.

సంరక్షణ ఇంకా సాగుతుంటే “పూర్తికాలం పనిచేయగలను” అన్నది అబద్ధమవుతుంది. అప్పుడు “వారానికి మూడు రోజులు ఆఫీసుకు రాగలను, మిగతా రోజుల్లో ఇంటి నుంచి చేయగలను” అని వీలైనంతే రాయాలి. కొన్ని పిలుపులు తగ్గుతాయి. వచ్చిన పిలుపు మాత్రం ఆమె నిజంగా చేయగల ఉద్యోగానికే వస్తుంది.