జులైలో ఇంక్రిమెంటు పడితే ఏడాది జీతం ఎంత?

జులై పే స్లిప్‌లో బేసిక్ పెరిగి కనబడగానే చాలామంది ఆ నెల జీతాన్ని 12తో గుణించి, తమ ఏడాది ఆదాయం అంతేనని లెక్క కట్టేస్తారు. ఇంకొందరు పాత జీతాన్నీ కొత్త జీతాన్నీ కలిపి, సగం చేసి, దాన్ని పన్నెండింతలు చేస్తారు. ఈ రెండు లెక్కలూ చాలాసార్లు తప్పే. అసలు లెక్కకు తెలియాల్సింది ఒక్కటే: మీ ఏడాది ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగుస్తుంది? అది తెలిస్తే అందులో పాత జీతం నెలలు ఎన్నో, కొత్త జీతం నెలలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జులై ఇంక్రిమెంటు ఎక్కువగా కనబడేది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో. ఆరో వేతన సంఘం వచ్చాక, 2006 నుంచి, అందరికీ జులై 1నే వార్షిక ఇంక్రిమెంటు ఇచ్చేవారు. ఏడో వేతన సంఘంతో 2016 నుంచి జనవరి 1, జులై 1 అని రెండు తేదీలు పెట్టారు. జులై 2 నుంచి జనవరి 1 లోపు ఉద్యోగంలో చేరినవారికి, పదోన్నతి పొందినవారికి జులైలో, మిగతావారికి జనవరిలో వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకు ఉమ్మడి తేదీ లేదు. ఎవరు ఏ నెలలో చేరితే వారికి ఆ నెల ఒకటో తేదీనే ఇంక్రిమెంటు. వారిలో జులైలో చేరినవారికి ఇక్కడ చెప్పే లెక్క అలాగే సరిపోతుంది. మిగతావారు నెలల సంఖ్య మార్చుకుంటే చాలు.

విజయవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లెవెల్ 6లో పనిచేసే ఉద్యోగిని తీసుకుందాం. 2024 జూన్ వరకు ఆయన బేసిక్ 42,300 రూపాయలు. జులై 1న పే మ్యాట్రిక్స్‌లో ఒక గడి కిందికి దిగి 43,600 అయింది. అంటే పెరిగింది 1,300. కానీ చేతికి వచ్చే తేడా అంతకంటే ఎక్కువ, ఎందుకంటే డీఏ, ఇంటి అద్దె భత్యం రెండూ బేసిక్ మీదే లెక్క కడతారు. అప్పుడు డీఏ 50 శాతం. విజయవాడ వై తరగతి నగరం కాబట్టి అద్దె భత్యం 20 శాతం. పాత బేసిక్ మీద ఇవన్నీ కలిపితే నెలకు 71,910. కొత్త బేసిక్ మీద అవే శాతాలతో 74,120. అంటే 1,300 ఇంక్రిమెంటు వల్ల నెల జీతం 2,210 పెరిగింది. ప్రయాణ భత్యం, పెన్షన్‌లో ప్రభుత్వ వాటా లాంటివి ఈ లెక్కలో కలపడం లేదు. వాటిలో ఇంక్రిమెంటుతో మారేవాటిని మీ స్లిప్ చూసి కలుపుకోవచ్చు.

జులైలో ఇంకో మార్పు కూడా ఉంటుంది. డీఏ ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి సవరిస్తారు. కానీ జులై డీఏ ప్రకటన జులైలోనే రాదు. 2024లో జులై డీఏను 53 శాతానికి పెంచుతున్నట్టు అక్టోబరు 16న ప్రకటించారు. మన ఉద్యోగికి జులై, ఆగస్టు, సెప్టెంబరు జీతాలు 74,120 చొప్పునే వచ్చాయి. మూడు శాతం డీఏ తేడా నెలకు 1,308. ఆ మూడు నెలల తేడా 3,924 రూపాయలు తర్వాత ఏరియర్స్‌గా అందాయి. అంటే జులై నుంచి ఆయన అసలు జీతం నెలకు 75,428. జులై స్లిప్‌లో కనిపించిన అంకె ఇది కాదు. కొత్త జీతం ఎంతో తెలియాలంటే అక్టోబరు తర్వాతి స్లిప్ చూడాలి. అక్టోబరు స్లిప్‌నే పట్టుకుంటే ఏరియర్స్ కూడా అందులో కలిసిపోయి నెల జీతం లేనంత పెద్దగా కనబడవచ్చు. ఏరియర్స్ ఏ నెలలవో విడదీసి చూస్తేనే లెక్క కుదురుతుంది.

ఇప్పుడు ఏడాది సంగతి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి అని అందరికీ తెలుసు. చాలా ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రం మార్చి జీతం ఏప్రిల్ ఒకటిన, లేదా ఆ తర్వాతి మొదటి పనిదినాన ఇస్తారు. ఆ జీతం చెల్లించాల్సిన తేదీ ఏప్రిల్లోకి వెళ్తుంది కనుక ఆదాయపు పన్నుకు అది తర్వాతి ఏడాది లెక్కలోకి వస్తుంది. అందుకే మన ఉపాధ్యాయులు, గుమస్తాలు ఐటీ ఫారం నింపేటప్పుడు మార్చి నుంచి ఫిబ్రవరి వరకు రాస్తారు. ఆ ఏడాదిలో పాత జీతం నెలలు మార్చి, ఏప్రిల్, మే, జూన్: నాలుగు. కొత్త జీతం నెలలు జులై నుంచి ఫిబ్రవరి వరకు: ఎనిమిది. నెల చివరి రోజునే జీతం వేసే ప్రైవేటు కంపెనీలో అయితే ఏప్రిల్ నుంచి మార్చి కాబట్టి పాతవి మూడు, కొత్తవి తొమ్మిది. జనవరి నుంచి డిసెంబరు లెక్క వేసుకుంటే ఆరు, ఆరు. పాత, కొత్త జీతాల సగటు సరిపోయేది ఈ మూడో లెక్కకు మాత్రమే.

మన విజయవాడ ఉద్యోగికి 71,910 నాలుగు నెలలు అంటే 2,87,640. 75,428 ఎనిమిది నెలలు అంటే 6,03,424. మొత్తం 8,91,064. కొత్త జీతాన్ని 12తో గుణించి ఉంటే 9,05,136 అయ్యేది, అంటే 14,072 ఎక్కువ. సగటు తీసి ఉంటే 8,84,028, అంటే 7,036 తక్కువ. సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది, అది మరింత తేలిక. పాత జీతాన్నే పన్నెండు నెలలకు వేయండి: 8,62,920. దానికి నెల తేడా 3,518ని కొత్త జీతం నెలలతో, అంటే ఎనిమిదితో గుణించి కలపండి: 28,144. మళ్లీ అదే 8,91,064 వస్తుంది. రెండు దారుల్లో ఒకే అంకె రాకపోతే నెలలు లెక్కపెట్టడంలోనో, ఏరియర్స్ రెండుసార్లు కలపడంలోనో పొరపాటు జరిగినట్టు.

ఈ ఎనిమిది నెలల్లో ఇంక్రిమెంటు వల్ల వచ్చింది 17,680. పూర్తి ఏడాదికైతే 26,520 రావాలి. మిగిలిన 8,840 మరుసటి ఏడాది మార్చి నుంచి జూన్ వరకు అందుతుంది. కాబట్టి ఏ ఏడాది ఆదాయంలోనైనా కిందటి ఇంక్రిమెంటు తోక కొంత, ఈసారి ఇంక్రిమెంటు మొదలు కొంత కలిసే ఉంటాయి. ఒకే ఏడాది జీతం చూసి ఇంక్రిమెంటు మూడు శాతం కూడా రాలేదే అని బాధపడేవారు ఈ సంగతి గమనించాలి.

జులై 1న సెలవులో ఉన్నవారికి లెక్క ఇంకాస్త మారుతుంది. ఆర్జిత సెలవు మీద ఉంటే ఇంక్రిమెంటు తేదీ మారదు కానీ డబ్బు మాత్రం డ్యూటీలో చేరిన రోజు నుంచే పెరుగుతుంది. జులై 16న చేరితే ఆ నెల 31 రోజుల్లో 15 రోజులు పాత బేసిక్, 16 రోజులు కొత్త బేసిక్. మన ఉద్యోగి విషయంలో అది సుమారు 20,468, 22,503 కలిపి 42,971. ఇలాంటి సందర్భంలో పాత నెలలు నాలుగు, కలగలుపు నెల ఒకటి, కొత్త నెలలు ఏడు. క్యాజువల్ లీవుకు ఈ నియమం వర్తించదు.

ఈ లెక్క తప్పితే ఎక్కువగా తగిలేది పన్ను దగ్గర. ఏడాది మొత్తం ఆదాయం అంచనా కట్టి, దాని మీద పన్నును నెలల మీదికి సర్ది కోయాలన్నది ఆదాయపు పన్ను నియమం. ఏడాది మొదట్లో కార్యాలయం పాత జీతాన్నే 12 నెలలకు లెక్క కట్టి కోత మొదలుపెట్టిందనుకోండి. 2024-25 కొత్త పన్ను విధానంలో మన ఉద్యోగి ఆదాయం పై భాగం 10 శాతం శ్లాబులో ఉంది. లెక్కలోకి రాని 28,144 మీద సెస్సుతో కలిపి 2,927 రూపాయల పన్ను తక్కువ పడుతుంది. ఎవరూ మధ్యలో చూసుకోకపోతే ఆ మొత్తం ఫిబ్రవరి జీతంలో ఒక్కసారే పోతుంది. డీడీవో తప్పు చేశాడని అప్పుడు గొడవపడటం కంటే జులైలోనే అంచనా మార్పించుకోవడం మేలు.

2025-26 నుంచి కొత్త విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా 12 లక్షల వరకు ఆదాయానికి జీతగాళ్లు పన్ను కట్టనక్కర్లేదు. అంటే 12,75,000 జీతం దాకా సున్నా. మన ఉద్యోగికి ఇక ఆ బెడద లేదు కానీ ఈ గీత దగ్గర ఉన్నవారికి పాత, కొత్త నెలల లెక్కే అసలు సంగతి. నెలకు 1,02,000 జీతం జులైలో 1,08,000 అయిందనుకుందాం. కొత్త జీతాన్ని పన్నెండింతలు చేస్తే 12,96,000, గీత దాటినట్టే. కానీ మార్చి నుంచి ఫిబ్రవరి లెక్కలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగికి నాలుగు నెలల పాత జీతం 4,08,000, ఎనిమిది నెలల కొత్త జీతం 8,64,000, మొత్తం 12,72,000. పన్ను లేదు. అదే జీతం, అదే జులై పెంపు ఉన్న ప్రైవేటు ఉద్యోగికి మూడు, తొమ్మిది నెలల లెక్కతో 12,78,000 అవుతుంది. గీత దాటింది 3,000 మాత్రమే కాబట్టి చట్టంలోని ఊరట వల్ల పన్ను ఆ 3,000కు మించదు, సెస్సుతో 3,120. ఇద్దరికీ నెల జీతంలో పైసా తేడా లేదు. తేడా అంతా ఒక నెల జీతం ఏ తేదీన అందిందన్న దాంట్లోనే ఉంది.

ఆదాయ ధ్రువపత్రాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఈడబ్ల్యూఎస్ పత్రానికి కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. అక్కడ చూసేది దరఖాస్తుకు ముందటి ఆర్థిక సంవత్సరంలో నిజంగా వచ్చిన ఆదాయాన్ని. తాజా పే స్లిప్‌ను 12తో గుణించి రాసి, అర్హత ఉన్న పిల్లల అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకోవద్దు.

కాబట్టి జులై జీతం పడగానే పాత నెల జీతం, కొత్త నెల జీతం, మీ ఏడాదిలో ఒక్కొక్కటి ఎన్ని నెలలు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. జులై డీఏ ప్రకటన వచ్చాక కొత్త జీతం అంకెను సవరించి, ఆ అంచనాను మీ డీడీవోకో, కంపెనీ పేరోల్ విభాగానికో రాతపూర్వకంగా ఇవ్వండి. అక్టోబరు, నవంబరులో ఇస్తే మిగిలిన పన్ను మూడు నాలుగు నెలల మీద సర్దుకుంటుంది, ఫిబ్రవరి జీతం మీద ఒక్కసారే పడదు.