వెయ్యికి 725: ఒక బ్యాంకు విలీనం లెక్క

2014 నవంబర్ 20న కోటక్ మహీంద్రా బ్యాంకు, ఐఎన్‌జీ వైశ్యా బ్యాంకు కలిసిపోతున్నట్టు ప్రకటించాయి. నగదు ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు. వైశ్యా బ్యాంకు షేర్లు వెయ్యి ఉన్నవారికి కోటక్ షేర్లు 725 ఇస్తారు, అంతే. 1930లో బెంగళూరులో పుట్టిన వైశ్యా బ్యాంకుకు ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో ఖాతాలూ ఎక్కువే, వాటాదారులూ ఎక్కువే. కాబట్టి ఈ నిష్పత్తి మన ప్రాంతంలో చాలామందిని నేరుగా తాకింది. అందులో తమకు లాభమా, నష్టమా అన్నది మాత్రం ఎక్కువమంది లెక్క వేసి చూసుకోలేదు. ఆ లెక్క కష్టమైనది కాదు. ఏ విలీనానికైనా పనికొచ్చేది కాబట్టి దీన్ని మొదటి నుంచీ వేసి చూద్దాం.

ముందు ప్రీమియం సంగతి. ప్రకటనకు ముందు నెల రోజుల సగటు ధర చూస్తే కోటక్ షేరు దాదాపు 1,090 రూపాయలు. దాన్ని 0.725తో గుణిస్తే ఒక్కో వైశ్యా షేరుకు 790 రూపాయలు ముట్టినట్టు. అదే నెలలో వైశ్యా షేరు సగటు కంటే ఇది 16 శాతం ఎక్కువని బ్యాంకులు చెప్పాయి. అంటే ఆ సగటు 680 రూపాయల చిల్లర. షేరుకు దగ్గర దగ్గర 109 రూపాయలు అదనంగా ఇచ్చారన్నమాట. వైశ్యాకు దాదాపు 19 కోట్ల షేర్లున్నాయి కాబట్టి మొత్తం విలువ 15,000 కోట్లు, అందులో ప్రీమియం 2,070 కోట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రీమియం శాతం ఎంతన్నది దేనితో పోల్చామన్నదాన్ని బట్టి మారిపోతుంది. విలీనం వార్త బయటికి పొక్కి షేరు ముందే పెరిగి ఉంటే, నిన్నటి ధరతో పోల్చినప్పుడు ప్రీమియం చిన్నదిగా కనిపిస్తుంది, మూడు నెలల కిందటి ధరతో పోల్చినప్పుడు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే నెల సగటు, రెండు నెలల సగటు అని విడివిడిగా ఇస్తారు. ఒక్క అంకె మాత్రమే ఇచ్చి ఊరుకుంటే మిగతావి మనమే చూసుకోవాలి.

ఈ 2,070 కోట్లు ఎవరు భరిస్తారు? నగదు కొనుగోలులో అయితే కొన్న కంపెనీ వాటాదారులే మొత్తం భరిస్తారు. షేర్ల మార్పిడిలో అలా కాదు. వైశ్యా వాటాదారులకు ఇవ్వడానికి కోటక్ దాదాపు 13.8 కోట్ల కొత్త షేర్లు జారీ చేయాలి. అప్పటికే ఉన్న 77 కోట్లతో కలిపితే 90.8 కోట్లు. రెండు బ్యాంకుల పాత మార్కెట్ విలువను కలిపి ఈ సంఖ్యతో భాగిస్తే షేరుకు 1,067 రూపాయలు వస్తుంది. కలవడం వల్ల కొత్తగా ఏమీ ఒరగకపోతే కోటక్ షేరు విలువ 1,090 నుంచి 1,067కు దిగాలి. వైశ్యా వాటాదారుకి కూడా 790 బదులు 773 రూపాయలే దక్కుతాయి. ఎందుకంటే అతనిప్పుడు కలిసిన బ్యాంకులో 15 శాతం వాటాదారు, ప్రీమియం బరువులో అతనికీ వంతు ఉంటుంది. షేర్ల మార్పిడిలో 'ఇస్తామన్న ధర' ఎప్పుడూ ఖాయమైన ధర కాదు. కొనే కంపెనీ షేరు పడితే ఆ ధరా పడుతుంది.

ఆ 23 రూపాయల తరుగును పూడ్చాల్సింది సినర్జీ. రెండు సంస్థలు విడివిడిగా సంపాదించలేనిది, కలిస్తే మాత్రమే వచ్చేది ఏదో దాని విలువే సినర్జీ. కోటక్ పాత వాటాదారు నష్టపోకుండా ఉండాలంటే దాని నేటి విలువ కనీసం 2,070 కోట్లుండాలి. ఏడాదికి ఎంత మిగిలితే ఇంత విలువ అవుతుంది? 12 శాతం రాబడి కోరుకునే వాటాదారుకి, ఎప్పటికీ పెరగకుండా ఒకేలా వచ్చే ఆదాయమైతే, పన్ను పోను ఏడాదికి దాదాపు 250 కోట్లు మిగలాలి. కానీ విలీనం ఫలం మర్నాడే అందదు. మొదటి రెండేళ్లు ఏమీ రాలేదనుకుంటే, ఆ తర్వాత ఏటా 313 కోట్లు రావాలి. 2013-14లో వైశ్యా బ్యాంకు నికర లాభం 658 కోట్లు. అంటే ఆ బ్యాంకు ఏడాది లాభంలో దాదాపు సగం, కలయిక వల్లనే కొత్తగా పుట్టాలి. 16 శాతం ప్రీమియం అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ, దాన్ని ఇలా ఏటా మిగలాల్సిన డబ్బుగా మార్చి చూస్తేనే బరువు తెలుస్తుంది.

ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? అప్పటికి కోటక్‌కు 641 శాఖలు, ఎక్కువగా పశ్చిమ, ఉత్తర భారతంలో. వైశ్యాకు 573, ప్రధానంగా దక్షిణంలో. ఒకే వీధిలో రెండు శాఖలుండటం తక్కువ కాబట్టి మూసేసి మిగుల్చుకునేదీ తక్కువే. ఖర్చు తగ్గేది ప్రధాన కార్యాలయంలో, కంప్యూటర్ వ్యవస్థల్లో. మిగతాదంతా ఆదాయం పెరగడం ద్వారానే రావాలి: దక్షిణాది ఖాతాదారులకు కోటక్ ఇన్సూరెన్సు, మ్యూచువల్ ఫండ్లు, వాహన రుణాలు అమ్మడం వంటివి. నా దృష్టిలో ఈ రెండూ ఒక్కటి కావు. ఖర్చు తగ్గించుకోవడం యాజమాన్యం చేతిలో పని. ఆదాయం పెరగడం ఖాతాదారు ఇష్టం. అందుకే రెండోదాన్ని లెక్కలో సగానికి సగం కోసి చూడటం మంచిది. పైగా కలయిక కొన్ని ఖర్చులు కూడా తెస్తుంది. చాలా బ్యాంకులు పొదుపు ఖాతాపై 4 శాతం ఇస్తున్న రోజుల్లో కోటక్ 6 శాతం దాకా ఇచ్చేది. వచ్చి చేరిన ఖాతాదారులకూ అదే ఇస్తే వడ్డీ ఖర్చు పెరుగుతుంది.

ఇక వాటాదారులు ఎక్కువగా మోసపోయే చోటు ఈపీఎస్, అంటే ఒక్కో షేరు వంతుకు వచ్చే లాభం. విలీనం తర్వాత అది పెరిగితే అక్రీషన్, తగ్గితే డైల్యూషన్ అంటారు. 2013-14లో కోటక్ గ్రూపు మొత్తం లాభం 2,465 కోట్లు, షేరుకు 32 రూపాయలు. వైశ్యా లాభం 658 కోట్లు కలిపితే 3,123 కోట్లు. దాన్ని 90.8 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 34.4 రూపాయలు. అంటే ఏడు శాతానికి పైగా పెరుగుదల. ఈ లెక్కలో మనం సినర్జీ ఒక్క పైసా కూడా కలపలేదు. మరి ఈ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది?

కోటక్ షేరు తన ఏడాది లాభానికి 34 రెట్ల ధర పలుకుతోంది. వైశ్యాను ఆ బ్యాంకు లాభానికి 23 రెట్ల ధరకు తీసుకుంటోంది. ఎక్కువ రెట్లు పలికే షేరును ఇచ్చి తక్కువ రెట్లు పలికే లాభాన్ని తీసుకుంటే ఈపీఎస్ దానంతటదే పెరుగుతుంది. రెండు బ్యాంకుల పనితీరులో ఏ మార్పూ అక్కర్లేదు. అదే 34 రెట్ల కంటే ఎక్కువ ధర పెట్టి ఉంటే, ఎంత గొప్ప సంస్థను కొన్నా మొదటి ఏడాది ఈపీఎస్ తగ్గేది. కాబట్టి 'ఈ ఒప్పందంతో ఈపీఎస్ పెరుగుతుంది' అన్న మాట ఒప్పందం మంచిదనడానికి రుజువు కాదు, తగ్గుతుందన్న మాట చెడ్డదనడానికీ రుజువు కాదు.

వైశ్యా వాటాదారు వైపు నుంచి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అతని వెయ్యి షేర్ల వెనక అంతకుముందు దాదాపు 34,600 రూపాయల లాభం ఉండేది. మార్పిడి తర్వాత అతని 725 కోటక్ షేర్ల వెనక ఉన్నది సుమారు 25,000 మాత్రమే. ప్రీమియం తీసుకున్నవాడికి లాభంలో వంతు పావుకు పైగా తగ్గింది! అయినా అతను నష్టపోయాడనలేం. కోటక్ లాభం వేగంగా పెరుగుతుందన్న నమ్మకంతోనే మార్కెట్ దానికి 34 రెట్లు ఇస్తోంది. ఆ నమ్మకాన్ని అతను తన నేటి లాభం వదులుకుని కొన్నాడు. ప్రకటన వెలువడిన రోజు రెండు షేర్లూ సుమారు ఏడేసి శాతం పెరిగాయి. కలయికలో ప్రీమియాన్ని మించిన విలువ ఉందని ఆ రోజు మార్కెట్ అనుకుందన్నమాట.

కాగితం మీది లెక్క ఇది. మరి జరిగింది వేరు. 2015 ఏప్రిల్ 1న విలీనం అమల్లోకి వచ్చింది. ఆ మొదటి త్రైమాసికంలోనే కోటక్ బ్యాంకు సొంత లాభం అంతకుముందు ఏడాది 430 కోట్ల నుంచి 190 కోట్లకు పడిపోయింది. వైశ్యా నుంచి వచ్చిన రుణాల్లో వసూలు అనుమానంగా ఉన్నవాటికి కేటాయింపులు చేయాల్సి వచ్చింది. అక్కడి ఉద్యోగుల పదవీ విరమణ ప్రయోజనాల భారం, వ్యవస్థలను కలిపే ఖర్చు కూడా తోడయ్యాయి. 2015-16 మొత్తానికి గ్రూపు లాభం 3,045 కోట్ల నుంచి 3,459 కోట్లకు, అంటే 13 శాతానికి పైగా పెరిగింది. షేర్ల సంఖ్య మాత్రం 18 శాతం దాకా పెరిగింది. ఆ ఏడాదే ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు కాబట్టి పాత ఈపీఎస్‌ను సగం చేసి పోల్చాలి. అలా పోలిస్తే 19.7 రూపాయల నుంచి 18.9కి తగ్గింది. లెక్క ప్రకారం అక్రీషన్ అన్నది మొదటి ఏడాది డైల్యూషన్‌గా తేలింది. బోనస్ సంగతి మరిచి 39, 18 అని పక్కపక్కన పెట్టి కంగారు పడేవాళ్లూ ఉంటారు. షేర్ల సంఖ్య మారినప్పుడల్లా ముందు దాన్ని సరిచేసుకోవాలి.

మరుసటి ఏడాది, 2016-17లో, గ్రూపు లాభం 4,940 కోట్లకు చేరి ఈపీఎస్ 26.9 రూపాయలైంది. అదంతా విలీనం పుణ్యమే అనడం కూడా తప్పే. వైశ్యాను తీసుకోకపోయినా కోటక్ ఎంతో కొంత పెరిగేదే. విలీనం వల్ల వచ్చింది ఎంతో తెలియాలంటే, విలీనం లేకపోతే ఈపీఎస్ ఎంతుండేదో అంచనా వేసి దానితో పోల్చాలి. నిన్నటి అంకెతో పోల్చడం చాలదు.

మీ దగ్గరున్న కంపెనీ రేపు షేర్ల మార్పిడి ప్రకటిస్తే, వాటాదారుల సమావేశానికి పంపే నోటీసులో మార్పిడి నిష్పత్తి, దానికి ఆధారమైన మదింపు వివరాలు ఉంటాయి. ఓటు వేసేముందు దాన్ని తెరిచి, రెండు కంపెనీల షేర్ల సంఖ్య, లాభం, సగటు ధర ఒక కాగితం మీద రాసుకోండి. సినర్జీ ఏటా ఎన్ని కోట్లు, ఏ ఏడాది నుంచి, అందులో ఖర్చు తగ్గడం వల్ల వచ్చేదెంత అన్న మూడు ప్రశ్నలకు నోటీసులో జవాబు లేకపోతే సమావేశంలో లేచి అడగండి. అడిగే హక్కు పది షేర్లున్నవారికీ ఉంది.