పాత ప్లేటు వయసు తేల్చేదెలా?

నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుకు మధ్యలో అంటించిన లేబులే మొదటి సాక్షి. అయితే ఆ సాక్ష్యం సగమే. ప్లేటు ఏ కాలంలో అచ్చయిందో అది చెబుతుంది గానీ పాట ఎప్పుడు పాడారో చెప్పదు. ఒక్కసారి తయారైన లోహపు అచ్చుతో కంపెనీలు ఏళ్ల తరబడి ప్లేట్లు తీసేవి. అందువల్ల 1906 నాటి గొంతు 1920ల నాటి లేబుల్ కింద దొరకడంలో వింతేమీ లేదు.

మన దేశంలో ఎక్కువగా దొరికేవి గ్రామఫోన్ కంపెనీ ప్లేట్లు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు వాటిని అచ్చువేసింది జర్మనీలోని హానోవర్‌లో. ఆ కాలపు లేబుళ్ల మీద ఈకతో ప్లేటుపై రాస్తున్న దేవదూత బొమ్మ ఉంటుంది. పాట ఒకవైపే ఉండి, రెండోవైపు ఖాళీగా ఉంటుంది. కలకత్తాలోని సియాల్దా ఫ్యాక్టరీ 1908లో మొదలైంది. రెండువైపులా పాటలుండే ప్లేట్లు పెరిగిందీ ఆ ప్రాంతంలోనే. అందరికీ తెలిసిన కుక్క బొమ్మ బ్రిటన్ లేబుళ్ల మీదికి 1909లో ఎక్కింది. అది దశాబ్దాల పాటు అలాగే కొనసాగింది కాబట్టి కుక్కను చూసి కాలం తేల్చడం కష్టం.

అసలు ఆధారం లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య ఉన్న నున్నటి జాగాలో దొరుకుతుంది. ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ చెక్కిన మేట్రిక్స్ నంబరు కనిపిస్తుంది. ఇది అచ్చుతో పాటే వచ్చేది. లేబుల్ మారినా మారదు. ఈ కంపెనీ ప్లేట్ల మీద ఆ నంబరు పక్కన చిన్న త్రిభుజం ఉంటే, 1925లో వచ్చిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ మైక్రోఫోన్ పద్ధతిలో రికార్డు చేసినట్టు. చతురస్రం ఉంటే 1931 తర్వాత బ్లమ్‌లైన్ రూపొందించిన పద్ధతిలో చేసినట్టు. ఏ గుర్తూ లేనంత మాత్రాన పాతదని తీర్మానించకూడదు. అక్కడ చెవికి పని పడుతుంది. మైకు రాకముందు గాయకులు పెద్ద బాకాలోకి పాడేవారు. ఆ పద్ధతిలో మంద్ర స్వరాలూ, ‘స’కారపు బుసా సరిగా అందేవి కావు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పాట చివర గాయని తన పేరు తానే చెప్పుకుంటే అది తొలి రోజుల ప్లేటనే అనుమానం బలపడుతుంది.

గాడి తీరు కూడా చూడాలి. చాలా ప్లేట్లలో గాడి పక్కలకు ఊగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన పాథే కంపెనీ పాత ప్లేట్లలో మాత్రం కిందికీ పైకీ ఊగుతుంది. కొన్నిటిలో పాట లేబుల్ దగ్గర మొదలై అంచువైపు నడుస్తుంది. వాటికి గుండ్రటి నీలమణి మొన వాడేవారు. మామూలు ఉక్కు సూది పెడితే పాట సరిగా రాకపోగా గాడి కోసుకుపోతుంది. పక్కలకు ఊగే ప్లేట్లకైనా ఎల్పీ సూది పనికిరాదు. దాని మొన సుమారు 25 మైక్రాన్లు. 78 గాడికి 75 దాకా కావాలి. సన్నసూది గాడి అడుగున దుమ్ములో దొర్లి గరగర ఎక్కువగా వినిపిస్తుంది. దుమ్ము తుడవడానికి స్పిరిట్ వాడితే మరీ ప్రమాదం, అందులో లక్క కరిగిపోతుంది.

ఇక వేగం. పేరుకు 78 అన్నా, బాకా కాలంలో 70కి అటూ 80కి ఇటూ తిప్పినవి బోలెడు. తెలుగిళ్ల అటకల మీద దొరికే నాటక పద్యాల ప్లేటు ఒకటి తీసుకుందాం. కుక్క లేబుల్, రెండువైపులా పద్యాలు, నంబరు పక్కన ఏ గుర్తూ లేదు, గొంతు డబ్బాలోంచి వస్తోంది. చివర సూదిని లోపలికి లాగే గాడి కూడా లేదు. పద్యం అయిపోగానే సూది అక్కడే తిరుగుతుంటుంది. ఇది మైకు రాకముందు రికార్డయి, 1908 తర్వాత అచ్చయిందని అనుకోవచ్చు. 78లో తిప్పితే హార్మోనియం శ్రుతి నేటి హార్మోనియంలో సరిగ్గా రెండు మెట్ల మధ్య పడుతోంది. హార్మోనియానికి మెట్ల మధ్య స్వరం ఉండదు కాబట్టి అసలు వేగం వేరు. పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య తేడా వేగంలో సుమారు 6 శాతం. అందులో సగం తగ్గిస్తే 75.8, సగం పెంచితే 80.3 వస్తాయి. రెండింటిలోనూ తిప్పి విని, నటుడి గొంతులో ఊపిరి, గమకాలు దేనిలో సహజంగా ఉన్నాయో దాన్ని ఎంచుకోవాలి. ఆనాటి హార్మోనియాలన్నీ నేటి శ్రుతికి కట్టినవి కావు. కాబట్టి వచ్చిన అంకెను ‘సుమారు’ అని రాసుకోవడమే నిజాయితీ.