గొర్రెలలో ఉష్ణభారం, జ్వరం: తేమవాతావరణంలో గుర్తింపు, యాజమాన్యం

శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు మండలంలో వేరుశనగ సాగుతో పాటు గొర్రెల పెంపకం రైతులకు ప్రధాన ఆధారం. వేసవిలో ఇక్కడి గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. వర్షాకాలంలో ఉష్ణోగ్రత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. నీలి నాలుక వ్యాధి ఎక్కువగా కనిపించేదీ వర్షాలతో కూడిన ఈ కాలంలోనే. అందువలన వగర్చే గొర్రెను చూసినప్పుడు అది వేడికి లోనైందా, జ్వరపడిందా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. ఈ రెండింటికీ చికిత్స వేరు.

వేడిని కోల్పోయే మార్గాలు

గొర్రె సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీల సెల్సియస్. శరీరం వికిరణం, వహనం, సంవహనం, బాష్పీభవనం అనే నాలుగు మార్గాలలో వేడిని వదులుతుంది. మొదటి మూడు మార్గాలు పరిసరాలు చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకే పనిచేస్తాయి. పరిసరాలు వేడెక్కేకొద్దీ బాష్పీభవనమే ముఖ్యాధారమవుతుంది. గొర్రెకు చెమట తక్కువ కనుక ఇది ప్రధానంగా వగర్చడం ద్వారా, శ్వాసమార్గపు తడి పొరల నుండి జరుగుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడి శరీరం నుండి తొలగిపోతుంది.

అయితే నీరు ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది తడి ఉపరితలం వద్దనున్న ఆవిరి పీడనానికీ, గాలిలోని ఆవిరి పీడనానికీ గల తేడాపై ఆధారపడుతుంది. 35 డిగ్రీల తడి ఉపరితలం వద్ద ఇది సుమారు 5.6 కిలోపాస్కళ్లు. 40 డిగ్రీలు, 20 శాతం తేమ గల వేసవి మధ్యాహ్నపు గాలిలో సుమారు 1.5 కిలోపాస్కళ్లు మాత్రమే ఉంటుంది. తేడా 4.1. అదే 32 డిగ్రీలు, 75 శాతం తేమ గల గాలిలో 3.6 ఉంటుంది. తేడా 2.0కు పడిపోతుంది. అనగా గాలి 8 డిగ్రీలు చల్లబడినా బాష్పీభవనానికి గల అవకాశం సగమవుతుంది. చల్లని గాలికి చర్మం నుండి కొంత వేడి నేరుగా పోయినా, గాలి కదలని కిక్కిరిసిన దొడ్డిలో ఆ లాభం స్వల్పమే.

జ్వరం ఏర్పడే విధానం

ఉష్ణభారంలో మెదడులోని హైపోథాలమస్ నిర్ణయించిన ఉష్ణస్థాయి మారదు. శరీరం వేడిని వదలలేక ఆ స్థాయిని దాటుతుంది. జ్వరంలో స్థాయియే పెరుగుతుంది. వ్యాధికారక క్రిములను ఎదుర్కొనే రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. వీటి ప్రభావంతో హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఇ-2 తయారై ఉష్ణస్థాయిని పైకి జరుపుతుంది. అప్పుడు 39 డిగ్రీల శరీరం కూడా చల్లగా ఉన్నట్లు గుర్తించబడుతుంది. చర్మంలోని రక్తనాళాలు కుంచించుకొని చెవులు చల్లబడతాయి, వెంట్రుకలు నిక్కబొడుచుకొంటాయి, వణుకు వస్తుంది.

మెలాక్సికామ్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకొని జ్వరాన్ని తగ్గిస్తాయి. ఉష్ణభారంలో పెరిగిన స్థాయి అంటూ లేదు కనుక వీటితో శరీరం చల్లబడదు. పైగా నీరు తగ్గిపోయిన గొర్రెలో మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదమున్నది.

క్షేత్రస్థాయిలో గుర్తింపు

ఉదాహరణకు, ఒక మందలో రెండు గొర్రెలకు మధ్యాహ్నం 2 గంటలకు పురీషనాళ ఉష్ణోగ్రత 40.6 డిగ్రీలుగా నమోదైనదనుకొందాం. ఈ ఒక్క కొలతతో ఏమీ తేలదు. రెండింటినీ గాలి తగిలే నీడలో ఉంచి, నీరు తాగనిచ్చి, రెండు గంటల తరువాత మళ్లీ కొలవాలి. మొదటిది 39.4కు దిగి, రెండవది 40.8 వద్ద ఉంటే రెండవదానిని జ్వరంగా అనుమానించాలి. మరునాడు సూర్యోదయానికి ముందు తీసిన కొలత దీనిని నిర్ధారిస్తుంది. రాత్రి చల్లదనం తరువాత కూడా 40 డిగ్రీలు దాటి ఉంటే అది పగటి ఎండ ప్రభావం కాదు.

మందను గమనించడం కూడా అవసరం. ఉష్ణభారంలో చాలా గొర్రెలు ఒకేసారి వగరుస్తాయి, చెవులు వేడిగా ఉంటాయి. జ్వరంలో ఒకటి రెండు గొర్రెలు మేత మాని విడిగా నిలబడతాయి. పెదవులు, ముఖం వాచడం, ముక్కు కారడం, నోటిలో పుండ్లు, కుంటడం కనిపిస్తే నీలి నాలుక వ్యాధిని అనుమానించి పశువైద్యునికి తెలపాలి.

ఈ పరీక్షకు పరిమితులున్నవి. చెవుల చల్లదనం జ్వరం పెరిగే దశలోనే ఉంటుంది, స్థిరపడిన తరువాత ఉండదు. జ్వరపడిన గొర్రె ఎండలో నిలిస్తే రెండు కారణాలూ కలుస్తాయి. నీడలో కొంత తగ్గి, సాధారణ స్థాయికి రాకుండా ఆగిపోవడం దీనికి సూచన. 41.5 డిగ్రీలు దాటినా, గొర్రె తూలినా, పడిపోయినా రెండు గంటలు వేచి ఉండరాదు. వెంటనే చల్లబరచాలి.

చల్లబరచే పద్ధతి

తేమ ఎక్కువగా ఉన్నప్పుడు మూసిన దొడ్డిలో నేలంతా నీళ్లు చల్లితే గాలిలో తేమ మరింత పెరిగి బాష్పీభవనం తగ్గుతుంది. గొర్రెను బయటి నీడలోకి మార్చి, పొట్ట, కాళ్లను చర్మం వరకు తడిపి, ఆపై గాలి తగిలేలా చూడాలి. కదిలే గాలి చర్మం వద్ద చేరిన ఆవిరిని తీసుకుపోతుంది కనుక మళ్లీ నీరు ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత 39.5కు దిగిన వెంటనే తడపడం ఆపాలి. అప్పటికీ శరీరం కొంతసేపు చల్లబడుతూనే ఉంటుంది.