మీకు తెలుసా? అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో అదే మీ కాళ్ల బలం

దుమ్ముగూడెం వైపు ఎండాకాలం అంటే తునికాకు కాలం. తెల్లవారకముందే అడవికెళ్లి ఆకు కోసి, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకెళ్లే ఆడవాళ్లకు వ్యాయామం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇబ్బంది ఆ పని మానేశాక మొదలవుతుంది. మోకాలు నొప్పి అనో, కొడుకు వద్దన్నాడనో అరవై దాటాక ఇంటిపట్టున కూర్చుంటారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి మంచం మీది నుంచి లేవాలంటే పట్టె పట్టుకోవాల్సి వస్తుంది. వయసు మీద పడిందనుకుంటాం గానీ, అందులో చాలా భాగం వాడకపోవడం వల్ల పోయిన బలమే. ఆ భాగాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు.

మీకు తెలుసా? దీన్ని కొలవడానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. సీటు ఎత్తు నేల నుంచి 17 అంగుళాలు ఉండాలి. చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చున్నారో లెక్కపెట్టాలి. 65 నుంచి 69 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 11 కన్నా తక్కువసార్లు, మగవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే కాళ్ల బలం ఆ వయసుకు ఉండాల్సినంత లేదని, పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. చేతులు ఆనించి లేస్తే లెక్క సున్నా. నులక మంచం మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. నులక కిందికి జారి ఉంటుంది, లెక్క తప్పుతుంది.

66 ఏళ్ల పెద్దమ్మ ఒకామెకు ఈ లెక్క 7 వచ్చిందనుకుందాం. ఆమె ఎక్కడ మొదలుపెట్టాలి? కుర్చీ మీద రెండు దుప్పట్లు మడిచి వేయాలి. సీటు ఎంత ఎత్తుగా ఉంటే లేవడం అంత తేలిక. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి, నడుం వెడల్పున పెట్టాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వాలి, గాలి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ఈ దిగడంలోనూ తొడలకు పని ఉంది. ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఎనిమిది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి.

చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. అలా అనిపించకపోతే బలం పెరగదు. ఎనిమిది నుంచి పెంచుకుంటూ పోయి, వరసగా రెండు సాధన రోజుల్లో పన్నెండేసిసార్లు సులువుగా అయిపోతే ఒక దుప్పటి తీసేయాలి. రెండూ తీసేశాక లీటరు నీళ్ల సీసాను గుండెకు హత్తుకుని లేవాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు, తర్వాత రెండు సీసాలు. పన్నెండో వారం చివర మళ్లీ 30 సెకన్ల లెక్క తీసుకోవాలి.

మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే భయపడక్కర్లేదు, రెండు రోజుల్లో పోతుంది. మోకాలి కీలులోనే నొప్పి పుట్టి రెండు గంటలు దాటినా తగ్గకపోతే సీటు ఎత్తు చాలలేదని గుర్తు, మళ్లీ ఒక దుప్పటి వేయండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి నడుంలో పోటు వస్తే వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లు చివరిసారి లేచాక పది సెకన్లు కుర్చీ పట్టుకుని నిలబడి ఆ తర్వాతే అడుగేయాలి.

మీకు తెలుసా? రోజూ నడుస్తున్నాం కదా, చాలదా అంటే చాలదు. నడక గుండెకు మేలు చేస్తుంది, కానీ తూలిపడకుండా కాపాడేది నిలకడ సాధన. 2019లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసి, వ్యాయామంతో పెద్దవాళ్లు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని తేల్చింది. ఆ ఫలితం ప్రధానంగా నిలకడ, లేచి కూర్చోవడం లాంటి సాధనలది. నడక ఒక్కదానితో పడిపోవడం తగ్గుతుందని గట్టిగా చెప్పలేకపోయింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లంతా 80 దాటిన ఆడవాళ్లే. ఇంట్లోనే కాళ్ల బలానికీ నిలకడకూ సాధన చేసినవాళ్లు తక్కువసార్లు పడ్డారు.

నిలకడ సాధనకు వసారా గుంజ చాలు. దాని పక్కన నిలబడి పాదాలు రెండూ ఆనించి పది సెకన్లు ఉండండి. తర్వాత ఒక పాదం సగం ముందుకు. ఆ తర్వాత ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకు తగిలేలా ఒకే గీత మీద. చివరికి ఒంటికాలి మీద. చేయి గుంజను పట్టుకోకూడదు గానీ తూలితే అందేంత దగ్గరలో ఉండాలి. ఒకే గీత మీద పది సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఉన్నట్టే. అది దాటేదాకా ఒంటికాలి జోలికి వెళ్లకండి.

ఇక ఎముకల సంగతి. కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది, ఎముకలో మార్పు డెక్సా స్కాన్‌లో కనిపించడానికి ఏడాది పడుతుంది. అందాకా దాన్ని విరగనివ్వకపోవడమే ముఖ్యం. ఇప్పపువ్వు ఏరేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు వెన్ను విల్లులా వంచడం మనకు అలవాటు. గుల్లబారిన వెన్నుపూసలకు అంతకన్నా చేటు లేదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1984లో వెన్నెముక గుల్లబారిన ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వెన్ను వెనక్కి నిటారుగా సాచే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికే. చిన్న అధ్యయనమే అయినా తేడా మాత్రం పెద్దది.

కాబట్టి వంగాల్సింది నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర. ఒక చేతికర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, వీపు మధ్య, వెన్ను చివర మూడు చోట్లా కర్ర తగలాలి. మోకాళ్లు కొద్దిగా మడిచి పిరుదులు వెనక్కి తోస్తూ వంగండి. ఎక్కడైనా కర్ర ఒంటిని వదిలితే వెన్ను వంగిపోయిందన్నమాట. ఇది ఒంటికి పట్టాక ఖాళీ బిందెతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా నీళ్లు పెంచుకుంటూ పోవాలి.

వ్యాయామంతో పాటు ఎముకకు సున్నం కూడా అందాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పొద్దున రాగి జావ, రాత్రి గ్లాసు పాలు లేదా మజ్జిగ. కండకు పప్పు, గుడ్డు, చేప.

చిన్న తొట్రుపాటుకే మణికట్టో తుంటో విరిగినవాళ్లు, పూర్వం కన్నా రెండంగుళాలు పొట్టి అయినవాళ్లు బరువులు పట్టే ముందు ఎముకల పరీక్ష చేయించుకోవాలి. పొట్టి కావడమంటే తెలియకుండానే వెన్నుపూస నలిగి ఉండొచ్చు. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను గుమ్మానికి ఆనించి నిలబెట్టి ఎత్తు గీత గీయండి, కుర్చీ వేసి 30 సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన అంకెను క్యాలెండర్ మీద రాసి పెట్టండి, పన్నెండు వారాల తర్వాత దాని పక్కనే రెండో అంకె రాయండి.