స్లయిడ్ నుంచి గ్రౌండ్‌కు: కబడ్డీ డ్రిల్ కార్డు తయారీ

శిక్షణ తరగతికి వెళ్లొచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుల ఫోన్లలో స్లయిడ్ల ఫైలు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎండలో పిల్లల్ని వరుసలో నిలబెట్టాక దాన్ని తెరిచి చూడటం కుదరదు. ఫోన్ తెర కనబడదు, ఒక చేతిలో విజిల్ ఉంటుంది. అందుకే ఆ స్లయిడ్లను చేతిలో పట్టే కాగితపు కార్డులుగా మార్చుకోవాలి. స్లయిడ్‌ను ఉన్నదున్నట్టు ప్రింటు తీస్తే మాత్రం కార్డు కాదు. స్లయిడ్ పక్కన వివరించే మనిషి ఉంటాడు, కార్డు పక్కన ఎవరూ ఉండరు. ఆ మనిషి నోటితో చెప్పినదంతా కార్డు మీదికి రావాలి.

కబడ్డీలో యాంకిల్ హోల్డ్, అంటే మూలన ఉన్న డిఫెండర్ రెయిడర్ చీలమండ పట్టి ఆపడం, తీసుకుందాం. స్లయిడ్ మీద సాధారణంగా ఒక ఫొటో, దాని కింద ‘టైమింగ్, గ్రిప్, బ్యాలెన్స్’ అనే మూడు మాటలు ఉంటాయి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు పట్టాలో అందులో లేదు. కాబట్టి ముందు స్లయిడ్లను రెండుగా విడగొట్టాలి. నియమాలు, చరిత్ర, సిద్ధాంతం చెప్పేవి పక్కన పెట్టి, గ్రౌండ్‌లో చేయించే పని ఉన్నవే తీసుకోవాలి. ఒక కార్డుకు ఒకే నైపుణ్యం. యాంకిల్ హోల్డ్‌తో పాటు చైన్ కూడా ఒకే స్లయిడ్‌లో ఉంటే రెండు కార్డులు చేయాలి.

ఇక కార్డు ఇలా రాయాలి.

అమరిక: మ్యాట్ లేదా మెత్తటి నేల. సగం కోర్టు: పురుషులకు 6.5 × 10 మీటర్లు, మహిళలకు 6 × 8 మీటర్లు. డిఫెండర్ ఎడమ మూలన, వెనక గీతకు ఒక అడుగు లోపల. రెయిడర్ మధ్య గీత దగ్గర.

చేసే తీరు:
1. రెయిడర్ నడుస్తూ వచ్చి, మూల దగ్గర ముందు కాలు నేలకు ఆనించి ఆగుతాడు.
2. డిఫెండర్ మోకాళ్లు వంచి కిందికి దిగుతాడు. చూపు ఆ కాలి మీద, తల పైకి.
3. కాలి మీద బరువు పడగానే రెండు చేతులతో చీలమండ పట్టుకుంటాడు.
4. కాలిని తన ఛాతీ వైపు లాగుతాడు, వెనక గీత దాటడు. విజిల్ పడగానే వదిలేస్తాడు.

అయిదేసి సార్లు చేశాక పాత్రలు మార్చుకోవాలి. నడకలో కుదిరాకే పరుగు.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది తప్పుల భాగం. ‘టైమింగ్ లేదు’ అని రాస్తే చూసేవారికి ఏమీ తెలియదు. కంటికి కనబడే గుర్తు, పిల్లవాడికి వినిపించే చిన్న మాట రెండూ ఉండాలి.

తొందరపడటం: రెయిడర్ కాలు గాలిలో ఉండగానే దూకుతాడు, చేతులు నేలకు తగులుతాయి. చెప్పాల్సింది: “కాలు ఆనాక పట్టు.”

తల వాల్చడం: గడ్డం ఛాతీకి ఆనుతుంది. రెయిడర్ మోకాలు ముఖానికి తగిలే ప్రమాదం ఉంది, వెంటనే ఆపాలి. చెప్పాల్సింది: “తల పైకి.”

పట్టి ఆగిపోవడం: రెయిడర్ మధ్య గీత వైపు వాలి చెయ్యి చాపుతాడు. చెప్పాల్సింది: “ఛాతీకి లాగు.”

మూడు తప్పులకు మించి రాస్తే గ్రౌండ్‌లో ఎవరూ చదవరు. వాటిలో దెబ్బ తగిలించేదాన్ని పెద్ద అక్షరాలతో పైన పెట్టాలి.

బొమ్మ విషయంలో రెండు చిక్కులు వస్తాయి. స్లయిడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి కదిలే బాణాలు ప్రింటులో ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వాటికి 1, 2, 3 అని అంకెలు వేయాలి. ఎరుపు, నీలం బాణాలు జిరాక్స్‌లో ఒకేలా బూడిదరంగుగా వస్తాయి. రెయిడర్ దారికి నిండు గీత, డిఫెండర్‌కు చుక్కల గీత పెడితే ఆ గొడవ ఉండదు. నల్లటి వెనక రంగు తీసేసి తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే ఉంచాలి.

నిలువు ఏ4 కాగితం మీద రెండు కార్డులు ఒకదాని కింద ఒకటి పెడితే ఒక్కోటి ఏ5 సైజు అవుతుంది. ముందు వైపు అమరిక, బొమ్మ, చేసే తీరు, వెనక తప్పులు. అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు. ప్రింటులో `Actual size`, రెండు వైపులకు `Flip on long edge` ఎంచుకుంటే పై కార్డు వెనక దాని తప్పులే వస్తాయి. ముందు ఒక్క కాగితం తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకోవాలి. సరిపోయాకే మందమైన కాగితం మీద తీసి లామినేషన్ చేయించాలి.

చివరిగా, ఆ స్లయిడ్లు ఎన్నడూ చూడని మరో పీఈటీ చేతికి కార్డు ఇవ్వండి. మీరు నోరు విప్పకూడదు. ఆయన ఒక్క ప్రశ్నా అడగకుండా పిల్లల్ని సరైన చోట నిలబెట్టి డ్రిల్ మొదలుపెడితే కార్డు సిద్ధమైనట్టే. ఆయన ఏదైనా అడిగితే, మీరు చెప్పే జవాబును కార్డులో చేర్చి మళ్లీ ప్రింటు తీయండి.