చవక ప్లాన్ ఎప్పుడు ఖరీదవుతుంది?

వెబ్‌సైట్ బిల్డర్ల ధరల పేజీ చూసిన చిన్న వ్యాపారులకు సాధారణంగా వచ్చే సందేహం ఒక్కటే: పై ప్లాన్ తీసుకుంటే సైట్ వేగంగా తెరుచుకుంటుందా? చాలావరకు తెరుచుకోదు. షాపిఫై, విక్స్ లాంటి కంపెనీల్లో లక్షల సైట్లు ఒకే సర్వర్ల వ్యవస్థ మీద నడుస్తాయి. మామూలుగా ప్లాన్ పేరు చూసి ఆ వ్యవస్థ తేల్చుకునేది ఏ సదుపాయం ఇవ్వాలి, ఎంత స్టోరేజీ ఇవ్వాలి, అమ్మకం మీద ఎంత శాతం తీసుకోవాలి అనే సంగతులే. సైట్ నెమ్మదిగా ఉంటే ముందుగా అనుమానించాల్సింది మీరు తగిలించుకున్న యాప్‌లను. చాలా యాప్‌లు పేజీ తెరిచినప్పుడల్లా తమ కోడ్‌ను కూడా కస్టమర్ ఫోన్‌లోకి దింపుతాయి. ఒక్కో యాప్ ఆపి, మొబైల్ డేటా మీద పేజీ తెరిచి చూస్తే దోషి దొరుకుతుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

ప్లాన్ నిజంగా ఇరుకైందో లేదో తేల్చేది అమ్మకం మీద తీసుకునే ఆ శాతమే. మన దేశంలో షాపిఫై వాడేవారికి ఇది మరీ ముఖ్యం. ఆ కంపెనీ సొంత చెల్లింపు సేవ ఇక్కడ లేదు కాబట్టి రేజర్‌పే లాంటి బయటి గేట్‌వే పెట్టుకోక తప్పదు. అలా వచ్చిన ప్రతి ఆర్డరు మీదా షాపిఫై తన వాటా తీసుకుంటుంది. బేసిక్ ప్లాన్‌లో అది 2 శాతం, దాని పై ప్లాన్‌లో 1 శాతం. గేట్‌వే తీసుకునే రుసుము దీనికి అదనం, ప్లాన్ మార్చినా అది తగ్గదు. ఈ రెండింటినీ కలిపి చూసుకోవడం వల్లే చాలామంది లెక్క తప్పుతుంది.

మంగళగిరి చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. ధరలు మారుతుంటాయి కనుక గుండ్రటి అంకెలే తీసుకుందాం. కింది ప్లాన్ నెలకు 1,500 రూపాయలు, పైది 5,500. తేడా 4,000. పైకి వెళ్తే ఆదా అయ్యేది అమ్మకాల్లో 1 శాతం. నెలకు 4 లక్షల అమ్మకం ఉంటే ఆ 1 శాతం 4,000 అవుతుంది, అక్కడ రెండు ప్లాన్లూ సమానం. అంతకు మించితేనే చవక ప్లాన్ ఖరీదైనట్టు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ల మీద షాపిఫై ఈ వాటా తీసుకోదు. కాబట్టి లెక్కలోకి రావలసింది ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టిన ఆర్డర్లు మాత్రమే. మన దుకాణం మామూలు నెలల్లో 3 లక్షలు, శ్రావణం, దసరా నెలల్లో 7 లక్షలు అమ్ముతుందనుకుందాం. ఏడాదికి 44 లక్షలు. అందులో 40 శాతం క్యాష్ ఆన్ డెలివరీ అయితే మిగిలేది 26 లక్షల 40 వేలు, దాని మీద 1 శాతం 26,400. పై ప్లాన్‌కు ఏడాదికి అదనంగా కట్టేది 48,000. దసరా నెల అమ్మకాలు చూసి ఉత్సాహపడి ఏడాది ప్లాన్ కట్టేస్తే 21,600 రూపాయలు నష్టం. పండగ నెల అంకెను చూసి ఈ నిర్ణయం ఎప్పుడూ తీసుకోకూడదు.

రెండు ప్లాన్లూ సమానమయ్యే ఈ గీతను కిందికి జరిపేవీ ఉన్నాయి. పై ప్లాన్‌లో ఎలాగూ ఉండే రిపోర్టుల కోసం నెలకు 1,000 రూపాయల యాప్ వాడుతుంటే, తేడా 4,000 కాదు, 3,000. అప్పుడు 3 లక్షల దగ్గరే లెక్క సమానమవుతుంది. ఏ యాప్‌కు ఎంత కడుతున్నారో బిల్లులో విడివిడిగా కనిపిస్తుంది.

అంకెలకు అందని లక్షణం ఒకటుంది, దాన్ని నేను అన్నిటికన్నా గట్టిగా పట్టించుకుంటాను. కింది ప్లాన్లలో సిబ్బందికి వేరే లాగిన్లు తక్కువ, కొన్నిచోట్ల అసలుండవు. దాంతో ప్యాకింగ్ చేసే అబ్బాయి, స్టాకు ఎక్కించే అమ్మాయి యజమాని పాస్‌వర్డ్‌తోనే లోపలికి వస్తారు. 2,400 రూపాయల చీర ధర 240గా మారిపోతే ఎవరు మార్చారో చెప్పే దారి ఉండదు. ఒకరు మానేస్తే పాస్‌వర్డ్ మార్చి మళ్లీ అందరికీ చెప్పాలి. బ్యాంకు ఖాతా వివరాలు ఉన్న చోటికీ అదే తాళం. ఈ పరిస్థితి వచ్చిందంటే శాతాల లెక్క కుదరకపోయినా పై ప్లాన్‌కు వెళ్లాల్సిందే.

స్టోరేజీ నిండిందన్న హెచ్చరిక వస్తే మాత్రం తొందరపడకండి. ఫోన్‌లో తీసిన ఫొటో 4 ఎంబీ ఉండొచ్చు, వెబ్‌పేజీకి దాన్ని 300 కేబీకి కుదించినా సాధారణంగా సరిపోతుంది. పాతవాటిని కుదించి ఎక్కించి, పెద్ద ఫైళ్లను తీసేస్తే చాలా చోటు దొరుకుతుంది.

ప్లాన్ మార్చే ముందు గత 12 నెలల ఆర్డర్ల జాబితా దింపుకుని, క్యాష్ ఆన్ డెలివరీ వరుసలు తీసేసి మొత్తం కూడండి. రెండు ప్లాన్ల ఏడాది తేడాను ఆ మొత్తంలో 1 శాతంతో పోల్చండి. పైకి వెళ్లాలనే తేలితే మొదట నెలవారీగా కట్టండి, ఏడాదికి ఒకేసారి కట్టిన డబ్బు మధ్యలో వెనక్కి రావడం కష్టం.